ధరల పేజీలో ఒక అంకె, చెల్లించే చోట మరో అంకె: సబ్‌స్క్రిప్షన్‌లో పన్ను లెక్క

ధరల పేజీలో నెలకు 10 యూరోలు అని ఉంటుంది. ప్లాన్ ఎంచుకుని, పేరు, అడ్రస్, కార్డు నంబరు నింపాక చివరి పేజీలో 11.90 కనిపిస్తుంది. అదే ప్లాన్‌కు వేరే దేశంలో ఉన్న స్నేహితుడు 12.70 కట్టానంటాడు. మరో సర్వీసులో మాత్రం ఇద్దరూ సరిగ్గా 10 యూరోలే కట్టారు. ఇదంతా చూసిన వాళ్లకు మొదట కలిగేది అనుమానమే. చివర్లో ఏదో రుసుము దొంగచాటుగా కలిపేశారనుకుంటారు. అలా కలిపేవాళ్లు లేరని కాదు. కానీ సబ్‌స్క్రిప్షన్ల విషయంలో ఈ తేడా ఎక్కువసార్లు పన్ను వల్లే వస్తుంది. అది నిజంగా పన్నేనా అని కొనేవాళ్లే లెక్క వేసి తేల్చుకోవచ్చు.

ఇక్కడ పన్ను రేటు ఎంత అన్నది రెండో ప్రశ్న. అమ్మేవాళ్లు ఏ అంకెను కదలకుండా పట్టుకున్నారన్నది మొదటి ప్రశ్న. కొందరు తమకు దక్కే మొత్తాన్ని స్థిరంగా ఉంచి పన్నును పైన కలుపుతారు. అప్పుడు దేశాన్ని బట్టి మన బిల్లు మారుతుంది. ఇంకొందరు మనం కట్టే మొత్తాన్ని స్థిరంగా ఉంచి పన్నును లోపలి నుంచి తీస్తారు. అప్పుడు మన బిల్లు మారదు, దేశాన్ని బట్టి వాళ్లకు మిగిలేది మారుతుంది. మొదటిది పన్ను కాకుండా చెప్పిన ధర, రెండోది పన్నుతో కలిపి చెప్పిన ధర. రెండు పేజీల్లోనూ పెద్ద అక్షరాల్లో కనిపించేది అదే 10 కాబట్టి తికమక మొదలవుతుంది.

ఒకే పది, రెండు లెక్కలు

యూరోపియన్ యూనియన్‌లో లక్సెంబర్గ్ సాధారణ వ్యాట్ రేటు 17 శాతం, జర్మనీది 19 శాతం, హంగరీది 27 శాతం. ఒక సర్వీసు 10 యూరోలను పన్ను కాకుండా పెట్టిందనుకుందాం. లక్సెంబర్గ్‌లో ఉన్నవారు 11.70, జర్మనీలో ఉన్నవారు 11.90, హంగరీలో ఉన్నవారు 12.70 కడతారు. ముగ్గురి నుంచీ సంస్థకు మిగిలేది 10 యూరోలే. మిగతాది ఆయా దేశాల ఖజానాకు వెళ్తుంది.

ఇప్పుడు అదే 10 పన్నుతో కలిపిన ధర అనుకుందాం. ముగ్గురూ 10 యూరోలే కడతారు. సంస్థకు లక్సెంబర్గ్ వారి నుంచి 8.55, జర్మనీ వారి నుంచి 8.40, హంగరీ వారి నుంచి 7.87 మిగులుతాయి. అంటే పన్ను ఎక్కువున్న దేశంలో చేరిన ప్రతి కొత్త కస్టమర్ నుంచి సంస్థకు మిగిలేది కాస్త తక్కువగా ఉంటుంది. అందుకే ఒకే ప్లాన్‌కు కొన్ని సంస్థలు దేశానికో ధర పెడతాయి. అక్కడ తేడా చెక్‌అవుట్‌లో కాకుండా ధరల పేజీలోనే ముందుగా కనిపిస్తుంది.

రెండో లెక్క చేసేటప్పుడు చాలామంది తడబడేది ఒకటుంది. 10 యూరోల్లో 19 శాతం పన్ను ఉంటే, పన్ను 1.90 అనుకుంటారు. కాదు, 1.60 మాత్రమే. 19 శాతం లెక్క కట్టేది పన్ను కలవక ముందున్న 8.40 మీద, మొత్తం మీద కాదు. పన్ను కలవని ధరను 100 అనుకుంటే మొత్తం 119 అవుతుంది, పన్ను అందులో 19 వంతులు. కాబట్టి లోపలి నుంచి పన్ను తీసే సూత్రం ఇలా ఉంటుంది:

```
పన్ను = మొత్తం × రేటు ÷ (100 + రేటు)
```

20 శాతం రేటుంటే ఇది సరిగ్గా మొత్తంలో ఆరో వంతు, ఐదో వంతు కాదు. ఇన్‌వాయిస్‌లో పన్ను "తక్కువగా" కనిపించిందని, రేటు తప్పు వేశారని సపోర్టుకు రాసే ఫిర్యాదులు కొన్ని ఈ ఒక్క తేడా దగ్గరే ఆగిపోతాయి.

ధరల పేజీకి తెలియనిది, చెక్‌అవుట్‌కు తెలిసేది

ఒక మాట అడగాలనిపిస్తుంది. పన్ను ఉంటుందని సంస్థకు ముందే తెలుసు కదా, మొదటి పేజీలోనే చెప్పేయొచ్చు కదా అని. కొంతవరకు చెప్పొచ్చు, చెప్పాలి కూడా. కానీ పూర్తిగా చెప్పలేకపోవడానికి అసలైన కారణం ఉంది. డిజిటల్ సేవల మీద పన్ను సాధారణంగా కొనేవాళ్లు ఎక్కడున్నారో అక్కడి రేటు ప్రకారం పడుతుంది, అమ్మేవాళ్లు ఎక్కడున్నారో అక్కడి రేటు ప్రకారం కాదు. ధరల పేజీ తెరిచినప్పుడు మీరెవరో ఆ పేజీకి ఇంకా తెలియదు.

ఇది ఎప్పుడూ ఇలా లేదు. యూరోపియన్ యూనియన్‌లో 2014 చివరి దాకా, యూనియన్‌లోనే ఉన్న సంస్థలు వినియోగదారులకు అమ్మే డిజిటల్ సేవలకు అమ్మే సంస్థ ఉన్న దేశపు రేటే వర్తించేది. అందుకే తక్కువ రేటున్న లక్సెంబర్గ్‌లో కంపెనీ పెట్టి అక్కడి నుంచి అమ్మడం లాభంగా ఉండేది. 2015 జనవరి 1 నుంచి నిబంధన మారింది. కొనేవారి దేశపు రేటు వేయాలన్నారు. దాంతో ఒక్క ధరకు ఒక్క పన్ను అన్న సౌలభ్యం పోయి, దేశాల సంఖ్య ఎంతో రేట్ల సంఖ్య అంత అయ్యింది. చిన్న అమ్మకందారులకు కొంత మినహాయింపు తర్వాత వచ్చింది గానీ, పెద్ద సర్వీసులకు ఇదే నియమం.

కొనేవారు ఎక్కడున్నారో సంస్థ ఊహించి ఊరుకోకూడదు, ఆధారాలు సేకరించి భద్రపరచాలి. బిల్లింగ్ అడ్రస్, ఐపీ అడ్రస్, బ్యాంకు ఖాతా లేదా కార్డు జారీ అయిన దేశం, ఫోన్ సిమ్ దేశం లాంటి వాటిలో ఒకదానితో ఒకటి విభేదించని రెండు ఆధారాలు మామూలుగా కావాలి. చిన్న సంస్థలకు ఒకటి చాలు. ధరల పేజీ దగ్గర ఐపీ ఒక్కటే ఉంటుంది. వీపీఎన్ వాడితే అది కూడా తప్పు దేశం చూపిస్తుంది. మీరు అడ్రస్‌లో దేశం ఎంచుకున్న క్షణంలో మొత్తం మారడం, కార్డు నంబరు పెట్టాక ఇంకోసారి మారడం ఇందుకే. చెక్‌అవుట్‌లో దేశం మార్చి చూస్తే అంకె కదులుతుందా లేదా అన్నది మంచి పరీక్ష. పన్ను గడి కదిలి దానితో పాటు మొత్తం కూడా కదిలితే ధర పన్ను కాకుండా చెప్పినది. పన్ను గడి మాత్రమే మారి మొత్తం కదలకపోతే పన్నుతో కలిపినది.

అమెరికాలో ఈ చిక్కు ఇంకా లోతుగా ఉంటుంది. అక్కడ దేశమంతటికీ ఒకే వ్యాట్ లేదు. సేల్స్ ట్యాక్స్ రాష్ట్రాలది, దాని మీద కౌంటీలు, నగరాలు, ప్రత్యేక జిల్లాలు తమ వంతు కలుపుతాయి. పన్ను వేసే ఇలాంటి పరిధులు అన్నీ కలిపి పదివేలకు పైగా ఉంటాయి. 2018 జూన్‌లో సౌత్ డకోటా వర్సెస్ వేఫెయిర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దాకా, రాష్ట్రంలో ఆఫీసో గోదామో ఉద్యోగులో లేని సంస్థను పన్ను వసూలు చేయమని ఆ రాష్ట్రం అడగలేకపోయేది. ఆ తీర్పు తర్వాత రాష్ట్రంలో అమ్మకాలు ఒక స్థాయి దాటితే చాలు, వసూలు చేయాల్సిందే. ఆ కేసు నాటి సౌత్ డకోటా చట్టంలో ఆ స్థాయి ఏడాదికి లక్ష డాలర్లు లేదా 200 లావాదేవీలు. లావాదేవీల షరతును 2023లో తీసేశారు. ఏళ్ల తరబడి పన్ను లేకుండా కట్టిన సబ్‌స్క్రిప్షన్‌కు ఒక నెల నుంచి హఠాత్తుగా పన్ను గీత రావడానికి ఇదొక కారణం. ఆ నెలలో సంస్థ అమ్మకాలు మీ రాష్ట్రంలో ఆ స్థాయి దాటి ఉండొచ్చు.

దేని మీద పన్ను వేయాలన్నది కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఇంటర్నెట్‌లో వాడే సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్ మీద న్యూయార్క్ పన్ను వేస్తుంది, కాలిఫోర్నియా వేయదు. టెక్సస్ దాన్ని డేటా ప్రాసెసింగ్ సేవగా చూసి, బిల్లులో 20 శాతానికి మినహాయింపు ఇచ్చి మిగతా 80 శాతం మీదే పన్ను వేస్తుంది. అక్కడ రాష్ట్ర రేటు 6.25 శాతం, స్థానిక పన్నుతో కలిపి గరిష్ఠంగా 8.25 శాతం. 100 డాలర్ల ప్లాన్‌కు 8.25 డాలర్లు పడతాయని ఎదురుచూసిన వారికి 6.60 కనిపిస్తుంది, ఎందుకంటే లెక్క 80 డాలర్ల మీద జరిగింది. తేడా ఎక్కువైనప్పుడే కాదు, తక్కువైనప్పుడు కూడా జనం సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందనుకుంటారు. ఇక్కడ లోపం ఏమీ లేదు.

పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్ ఒక్కటి చాలదు. అది ఉత్తరాలు పంచడానికి గీసిన హద్దు, పన్ను వేయడానికి గీసినది కాదు. ఒకే జిప్ కోడ్‌లో వీధికి ఇటు ఒక నగరపు రేటు, అటు మరో రేటు ఉండొచ్చు. ఇంటికి ఏ వస్తువూ పంపని సర్వీసు చెక్‌అవుట్‌లో మీ ఇంటి నంబరుతో సహా పూర్తి అడ్రస్ అడిగితే, దానికి సాధారణ కారణం ఇదే.

చట్టం ఏమంటుంది

యూరోపియన్ యూనియన్‌లో 2011/83 సంఖ్యతో ఉన్న వినియోగదారుల హక్కుల ఆదేశం ప్రకారం, వినియోగదారుడు ఒప్పందానికి కట్టుబడక ముందే పన్నులన్నీ కలిపిన మొత్తం ధర చెప్పాలి. ముందుగా లెక్క కట్టడం సాధ్యం కాకపోతే, ధర ఎలా లెక్కిస్తారో చెప్పాలి. జపాన్‌లో 2021 ఏప్రిల్ 1 నుంచి వినియోగదారులకు చూపే ధరలో వినియోగ పన్ను కలిపి చూపడం తప్పనిసరి. ఆస్ట్రేలియాలో కూడా ధరలో ఒక ముక్క చెప్పి మిగతా ముక్క తర్వాత చెప్పడం కుదరదు, లెక్క కట్టగలిగిన మొత్తాన్ని ఒకే అంకెగా చూపాలి. అమెరికాలో సేల్స్ ట్యాక్స్‌ను చివర్లో కలపడమే వాడుక.

ఈ రక్షణలు ప్రధానంగా వ్యక్తిగతంగా కొనేవారికి. కంపెనీల కోసం చేసిన సాఫ్ట్‌వేర్ ధరల పేజీలు పన్ను కాకుండా చూపడానికి కారణం వేరే. పన్ను రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీ కట్టిన వ్యాట్‌ను తిరిగి పొందుతుంది కాబట్టి దానికి నిజమైన ఖర్చు పన్ను లేని అంకే. వ్యాపారులు పోల్చుకునేదీ దాన్నే. ఇబ్బంది ఎక్కడంటే, అదే పేజీలో ఒంటరిగా పనిచేసే ఫ్రీలాన్సరు, చదువుకునే విద్యార్థి కూడా కొంటారు. వాళ్లకు తిరిగి వచ్చేది ఏమీ ఉండదు. వ్యక్తులకూ కంపెనీలకూ కలిపి అమ్మే సంస్థ పేజీ మీద "వ్యక్తిగతం", "వ్యాపారం" అని ఒక మీట పెట్టి రెండు అంకెలూ చూపితే సరిపోతుంది. అది పెట్టకపోవడాన్ని నేను సమర్థించను. కింద బూడిద రంగులో చిన్న అక్షరాలతో `excl. VAT` అనో, `plus applicable taxes` అనో రాసి ఊరుకోవడం సాకు మాత్రమే.

ఆ చిన్న అక్షరాలే మనకు ఆధారం కూడా. `excl.` లేదా `plus` అని ఉంటే బిల్లు పెరుగుతుంది. `incl. VAT` అని ఉంటే పెరగకూడదు. ఏమీ రాయకపోతే కరెన్సీని చూసి కొంత ఊహించొచ్చు. చాలా సంస్థలు వాడే స్ట్రైప్ అనే చెల్లింపుల వేదికలో ఒక సెట్టింగ్ ఉంది: `tax_behavior`. దానికి `inclusive`, `exclusive` అన్న విలువలు ఇవ్వొచ్చు. సంస్థ దీన్ని కరెన్సీకి వదిలేస్తే, అమెరికా డాలర్లు, కెనడా డాలర్ల ధరలను పన్ను కాకుండా, మిగతా కరెన్సీల ధరలను పన్నుతో కలిపి లెక్కిస్తుంది. అమెరికా, కెనడాల్లో పన్నును చివర్లో కలిపే అలవాటు ఆ సాఫ్ట్‌వేర్‌లోనూ అలా స్థిరపడింది. కాబట్టి ఒకే సంస్థ పేజీలో కరెన్సీని డాలర్ల నుంచి యూరోలకు మార్చితే, అంకె మాత్రమే కాకుండా ఆ అంకె అర్థం కూడా మారిపోవచ్చు.

ఒక బిల్లును విప్పి చూద్దాం

ఇప్పుడు ఒక బిల్లును మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ఒక సర్వీసు ధరల పేజీలో "ఒక్కొక్కరికి నెలకు 12 యూరోలు, ఏడాదికి ఒకేసారి బిల్లు" అని ఉంది. జర్మనీలో ముగ్గురు పనిచేసే చిన్న ఆఫీసు దాన్ని తీసుకుంటోంది. 10 శాతం తగ్గింపు కూపన్ ఉంది. చివరి పేజీలో 462.67 యూరోలు కనిపించాయి. 12 ఎక్కడ, 462.67 ఎక్కడ?

పన్ను దగ్గరకు వెళ్లకముందే ఇందులో రెండు గుణకారాలు జరిగిపోయాయి. 12 యూరోలను 12 నెలలతో, ఆ తర్వాత ముగ్గురితో గుణిస్తే 432. పేజీలో నెల ధర, చెల్లింపులో ఏడాది ధర అన్న ఈ తేడా పన్నుకు సంబంధించింది కాదు. అయినా దిమ్మతిరిగిపోవడంలో పెద్ద వాటా దీనిదే. 432 మీద 10 శాతం తగ్గింపు పోతే 388.80. ఇక్కడ క్రమం ముఖ్యం. ముందు తగ్గింపు తీసేసి, తగ్గిన మొత్తం మీద పన్ను వేస్తారు. 388.80 మీద 19 శాతం 73.87. రెండూ కలిపితే 462.67. లెక్క సరిపోయింది, అనుమానించాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు ఆ ఆఫీసు తన వ్యాట్ నంబరును పెడితే ఏమవుతుంది? అమ్మే సంస్థ వేరే దేశంలో ఉంటే రివర్స్ చార్జ్ అనే పద్ధతి వర్తిస్తుంది. అంటే అమ్మే సంస్థ పన్ను వసూలు చేయదు, కొన్న కంపెనీయే తన దేశపు రిటర్నులో ఆ పన్నును చూపించి, అర్హత ఉంటే అక్కడే వెనక్కి తీసుకుంటుంది. చెక్‌అవుట్‌లో పన్ను గీత సున్నా అయ్యి మొత్తం 388.80కి దిగుతుంది. యూనియన్ నడిపే వీఐఈఎస్ అనే వ్యవస్థలో ఆ నంబరును సరిచూస్తారు. నంబరు తప్పైనా, దేశాల మధ్య లావాదేవీల కోసం నమోదు కాకపోయినా, ఆ సమయానికి వ్యవస్థ స్పందించకపోయినా మొత్తం మళ్లీ 462.67 చూపించవచ్చు. అమ్మే సంస్థ కూడా జర్మనీలోనే ఉంటే వ్యాట్ నంబరు ఉన్నా పన్ను కట్టాల్సిందే. తర్వాత రిటర్నులో వెనక్కి వస్తుంది.

అసలు చిక్కు ధర పన్నుతో కలిపి ఉన్నప్పుడు వస్తుంది. అదే ప్లాన్ పన్నుతో కలిపినది అనుకుందాం. తగ్గింపు తర్వాత మొత్తం 388.80, అందులో పన్ను 62.08, సంస్థకు మిగిలేది 326.72. ఇప్పుడు ఆఫీసు వ్యాట్ నంబరు పెట్టింది, పన్ను పోవాలి. బిల్లు 326.72కి తగ్గాలా, 388.80 దగ్గరే ఉండిపోవాలా? ఇది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఎలా అమర్చారన్నదాన్ని బట్టి రెండు విధాలుగానూ జరుగుతుంది. కొన్ని సంస్థలు పన్నును తీసేసి 326.72 తీసుకుంటాయి. కొన్ని 388.80నే ఉంచి, మొత్తాన్ని పన్ను లేని ధరగా చూపిస్తాయి.

రెండో పద్ధతిలో కొన్న ఆఫీసు నష్టపోతుంది. వ్యాట్ నంబరు ఇవ్వకుండా అదే 388.80 కట్టిన మామూలు కస్టమర్ నుంచి అమ్మే సంస్థకు 326.72 మాత్రమే వెళ్తోంది. నంబరు ఇచ్చిన ఆఫీసు నుంచి 388.80 మొత్తం వెళ్తోంది, పైగా అందులో పన్ను లేదు కాబట్టి ఆఫీసు తిరిగి పొందేది ఏమీ లేదు. తేడా సరిగ్గా 62.08 యూరోలు. అంటే ఒకే సేవకు కంపెనీ కస్టమరు 19 శాతం ఎక్కువ ధర ఇచ్చినట్టు. బిల్లు కదలలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, అందుకే దీన్ని కనిపెట్టడం కష్టం. ఆఫీసు పేరున కొనేవాళ్లు వ్యాట్ నంబరు పెట్టాక మొత్తం తగ్గిందా అని తప్పకుండా చూడాలి. పన్నుతో కలిపిన ధర అని ముందే చెప్పిన సంస్థ మొత్తాన్ని తగ్గించకపోతే, చెల్లించక ముందే రాసి అడగడం న్యాయం.

ఒక్క సెంటు తేడా

కొందరు ఇన్‌వాయిస్‌ను కాలిక్యులేటర్‌తో సరిచూసి ఒక సెంటు తేడా వచ్చిందని కంగారుపడతారు. ఇది రౌండింగ్ వల్ల. ఇన్‌వాయిస్‌లో 4.99 యూరోల చొప్పున మూడు అంశాలు మూడు గీతలుగా ఉన్నాయనుకుందాం, రేటు 19 శాతం. గీత గీతకూ పన్ను లెక్కిస్తే ఒక్కోదానికి 0.9481, అంటే 0.95, మూడింటికి 2.85. మూడూ కూడి 14.97 మీద ఒకేసారి లెక్కిస్తే 2.8443, అంటే 2.84. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. ఒక సెంటు, రెండు సెంట్ల తేడాకు ఇంతకు మించిన అర్థం వెతకక్కర్లేదు. గీతల సంఖ్యకు మించి సెంట్ల తేడా వస్తే మాత్రం అది రౌండింగ్ కాదు.

పన్ను కానిది పన్నులా కనిపించినప్పుడు

పెరిగిన మొత్తాన్ని పన్ను పడకముందు మొత్తంతో భాగించండి. 11.90ని 10తో భాగిస్తే 1.19 వస్తుంది, ఒకటి తీసేస్తే 19 శాతం. అది మీ దేశపు రేటుతో సరిపోతే అది పన్నే. 462.67ను 12తో భాగిస్తే ఏమీ తేలదు, 388.80తో భాగించాలి. అంటే తగ్గింపు, నెలలు, మనుషుల సంఖ్య అన్నీ అయ్యాక మిగిలిన ఉపమొత్తంతో.

వచ్చిన శాతం ఏ రేటుకూ దగ్గరగా లేకపోతే, రెండు చోట్ల చూడాలి. ఇన్‌వాయిస్‌లో ఉన్న మొత్తం, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పోయిన మొత్తం వేరువేరుగా ఉంటే అది కరెన్సీ మార్పిడి, లేదా బ్యాంకు వేసిన విదేశీ లావాదేవీ రుసుము. దాన్ని అమ్మిన సంస్థ తీసుకోలేదు, వాళ్ల ఇన్‌వాయిస్‌లో అది కనపడదు. అలా కాకుండా ఇన్‌వాయిస్‌లోనే విచిత్రమైన అంకె ఉంటే, నెల మధ్యలో ప్లాన్ మార్చడం వల్ల వచ్చిన రోజుల లెక్క అయ్యుండొచ్చు. పాత ప్లాన్‌లో వాడని రోజులకు తగ్గింపు, కొత్త ప్లాన్‌లో మిగిలిన రోజులకు చార్జీ, రెండింటి మీదా పన్ను వేరువేరుగా పడతాయి. ఆ తగ్గింపు మీద మైనస్ పన్ను కూడా ఉండాలి. అది లేకపోతే మీరు వాడని రోజులకు పన్ను కట్టినట్టే.

ఫోన్‌లోని యాప్ నుంచి కొన్నప్పుడు ధర వేరే ఉండటం ఇంకో సంగతి. అక్కడ అమ్మేది యాప్ స్టోర్ కావచ్చు, ఆ స్టోర్ తన కమీషన్‌ను ధరలో కలుపుకోవచ్చు. యాపిల్ యాప్ స్టోర్‌లో అమెరికా ధరలు పన్ను కాకుండా, ఎక్కువ దేశాల్లో పన్నుతో కలిపి ఉంటాయి. అందువల్ల వెబ్‌సైట్‌లో పన్ను లేని అంకెను యాప్‌లోని పన్నుతో కలిపిన అంకెతో పోలిస్తే, ఖరీదు ఎక్కువగా కనిపించినది నిజానికి తక్కువ కావచ్చు.

చేరాక మారే మొత్తం

మొదటి నెల సరిచూసుకున్నాక కూడా బిల్లు మారవచ్చు. సబ్‌స్క్రిప్షన్‌లో ప్రతి నెలా కొత్త అమ్మకం కింద లెక్క కాబట్టి, ఆ నాటి రేటే వర్తిస్తుంది. జర్మనీ 2020 జూలై 1 నుంచి డిసెంబర్ 31 దాకా వ్యాట్‌ను 19 నుంచి 16 శాతానికి తగ్గించింది. పన్ను కాకుండా 10 యూరోలున్న ప్లాన్‌కు అప్పటిదాకా 11.90 కట్టినవారు 11.60 కట్టాలి. పన్నుతో కలిపి 10 ఉన్న ప్లాన్‌లో మాత్రం కట్టేది 10 దగ్గరే ఉంటుంది, సంస్థకు మిగిలేది 8.40 నుంచి 8.62కు పెరుగుతుంది. ప్రభుత్వం ఇచ్చిన తగ్గింపు సంస్థ తలచుకుంటే తప్ప కొనేవారికి చేరదు.

పెరిగినప్పుడు ఇది తలకిందులవుతుంది. ఫిన్లాండ్ 2024 సెప్టెంబర్‌లో 24 నుంచి 25.5 శాతానికి పెంచింది. పన్ను కాకుండా 10 ఉన్న ప్లాన్ 12.40 నుంచి 12.55 అయ్యింది, ఆ పెరుగుదల కొనేవారి మీద పడింది. పన్నుతో కలిపిన ప్లాన్‌లో సంస్థకు మిగిలేది 8.06 నుంచి 7.97కు జారింది. రేటు పెరిగిన కొద్ది నెలలకు "మా ధరలు మారుతున్నాయి" అని మెయిల్ వస్తే, ఈ జారుడును పూడ్చుకోవడానికే అయ్యుండొచ్చు.

పాత, కొత్త కస్టమర్ల మధ్య తేడా కూడా ఇక్కడి నుంచే వస్తుంది. స్ట్రైప్‌లో ఒక ధరకు `tax_behavior` ఒకసారి `inclusive` లేదా `exclusive` అని పెట్టాక దాన్ని మార్చలేరు. పద్ధతి మార్చాలంటే కొత్త ధరను సృష్టించాలి. సంస్థ కొత్త ధరను కొత్తవాళ్లకు మాత్రమే ఇచ్చి పాతవాళ్లను పాత ధర మీదే ఉంచితే, ఇద్దరి ఖాతాల్లోనూ 10 అనే రాసి ఉంటుంది గానీ ఒకరు 10, ఒకరు 11.90 కడతారు. పక్కవారి బిల్లు మీ బిల్లుతో సరిపోలకపోతే, వాళ్లు ఎప్పుడు చేరారో కూడా అడగండి.

తప్పు దేశపు పన్ను పడితే, చెల్లించక ముందు సరిచేయించుకోవడమే తేలిక. ఇల్లు మారినవారి ఖాతాలో పాత బిల్లింగ్ అడ్రస్ ఉండిపోతే పాత చోటి రేటే ప్రతి నెలా పడుతూ ఉంటుంది. జారీ అయిన ఇన్‌వాయిస్‌ను సంస్థ దిద్దేయడం మామూలుగా కుదరదు. క్రెడిట్ నోట్ ఇచ్చి పాతదాన్ని రద్దు చేసి, సరైన రేటుతో కొత్త ఇన్‌వాయిస్ ఇవ్వాలి. అడిగేటప్పుడు ఇన్‌వాయిస్ నంబరు, అందులో రాసిన దేశం, రేటు, పన్ను మొత్తం, మీ సరైన అడ్రస్ ఒకే మెయిల్‌లో పంపండి. అందులో పన్ను మొత్తం, పన్ను కాని మొత్తం విడివిడిగా లేకపోతే, ముందు అవి ఉన్న పన్ను ఇన్‌వాయిస్ పంపమని అడగండి. మీ బిల్లు ఏ పద్ధతిలో తయారైందో అందులో తేలిపోతుంది.